లేఆఫ్ అయ్యాక 18 వారాలు: ఏడు నెలలకి సరిపోతుందనుకున్న డబ్బు నాలుగు నెలలకే ఎలా వచ్చింది

నేను కెరీర్ కౌన్సెలింగ్ చేస్తుంటా, ముఖ్యంగా ఉద్యోగం పోయినవాళ్లతో. ఈ కేస్ రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశా. డబ్బు లెక్క కూడా అసలు అంకెల్లో కాకుండా, ఆవిడ చేతికొచ్చే నెల జీతం 100 అనుకుని రాస్తున్నా, అలా అయితే మీరు మీ జీతంతో పోల్చుకోవడం కూడా తేలిక.

ఆవిడ వయసు 38, ఒక కంపెనీలో టెస్టింగ్ టీమ్‌కి లీడ్, పదకొండేళ్ల సర్వీసు. భర్త సంపాదన నెలకి 25. ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్, కారు లోన్. ఒకరోజు ఉదయం క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ కనిపించింది, టాపిక్ ఏమీ రాయలేదు, లోపలికెళ్తే మేనేజర్ పక్కన హెచ్ఆర్ మనిషి కూర్చుని ఉన్నారు. టీమ్ మొత్తాన్ని తీసేస్తున్నాం అన్నారు. మధ్యాహ్నానికల్లా లాగిన్ పోయింది.

నా దగ్గరికి వచ్చింది తొమ్మిదో రోజున. అప్పటికే 64 ఉద్యోగాలకి అప్లై చేసేశారు. నాలుగు రాత్రులు నిద్ర లేకుండా, మూడేళ్ల కిందటి రెజ్యూమేతో, కనిపించిన ప్రతిదానికీ. "ఒక్కటి కూడా పలకలేదు మేడమ్, మార్కెట్లో అసలు ఉద్యోగాలే లేవేమో" అన్నారు. మార్కెట్ సంగతి తర్వాత, ముందు ఆ లిస్టు చూపించమన్నా. అందులో రెండు కంపెనీల్లో ఆవిడ పాత సహోద్యోగులు మంచి పొజిషన్లలో ఉన్నారు, రిఫర్ చేయమంటే సంతోషంగా చేసేవాళ్లు. కానీ చాలా కంపెనీల సిస్టమ్‌లో మనం ఒకసారి నేరుగా అప్లై చేస్తే కొన్ని నెలలపాటు రిఫరల్ ఎక్కదు, పాత అప్లికేషనే లెక్కలోకి వస్తుంది. ఆ ఇద్దరూ అదే మాట చెప్పారు, "అయ్యో, ముందు ఒక్క ఫోన్ చేసుంటే బాగుండేది కదా" అని. భయంతో చేసిన పని మన దగ్గరున్న మంచి దారుల్నే ముందు మూసేస్తుంది, అందుకే నేను మొదటి వారం అప్లికేషన్లు అసలు వద్దంటా. చాలామందికి ఇది నచ్చదు, ఖాళీగా కూర్చోమంటున్నారా అంటారు, కానీ ఆ వారం చేయాల్సిన పని వేరే ఉంది, అది ఆలస్యమైతే మళ్లీ చేతికి రాదు.

అది కాగితాల పని. కంపెనీ ఒక సెటిల్మెంట్ కాగితం పంపి సంతకం పెట్టి పంపమంది. ఆవిడ ఆరోజే పెట్టేయబోయారు, వాళ్లాయన ఆపారు, మంచి పని చేశారు. అలాంటి కాగితంలో సాధారణంగా కంపెనీ మీద ఇక ఏ క్లెయిమూ వేయననీ, పోటీ కంపెనీల్లో ఇంతకాలం చేరననీ, కంపెనీ గురించి చెడుగా మాట్లాడననీ ఉంటాయి. రెండోది చాలా ముఖ్యం, ఎందుకంటే మనకి ఉద్యోగం దొరికేది ఎక్కువగా ఆ పోటీ కంపెనీల్లోనే. చదువుకోడానికి కొన్ని రోజులు టైమ్ కావాలని మెయిల్ పెట్టడం తప్పేం కాదు, అడిగితే ఇస్తారు కూడా. పెద్ద మొత్తమైతే లేబర్ చట్టాలు తెలిసిన లాయర్‌కి ఒకసారి చూపించడం మంచిది, ఏ దేశంలో ఏది చెల్లుతుందో వాళ్లకే తెలుస్తుంది.

ఆవిడ చేత హెచ్ఆర్‌కి ఒక చిన్న మెయిల్ రాయించా, ఐదే ప్రశ్నలు. నా చివరి పనిదినం ఏ తారీఖు, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఏ తారీఖు దాకా ఉంటుంది, సెటిల్మెంట్ డబ్బు ఏ తారీఖున పడుతుంది, అందులో ఏయే భాగాలున్నాయి, రేపు వేరే కంపెనీవాళ్లు వెరిఫికేషన్‌కి ఫోన్ చేస్తే మీరు ఏమేం చెప్తారు. ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు, కానీ ఇంటర్వ్యూలో మనం చెప్పేదీ కంపెనీ చెప్పేదీ ఒకటే అవ్వాలి కదా. ఆవిడకి వచ్చిన జవాబు: చేరిన తారీఖు, వెళ్లిన తారీఖు, హోదా, ఇవి మాత్రమే చెప్తాం, కారణం అడిగితే పోస్టు రద్దయిందని రాస్తాం. ఆ ఒక్క లైను ఆవిడకి ఎంత ధైర్యమిచ్చిందో నేను కళ్లారా చూశా, నా మీద ఏం చెప్తారో అనే భయం అప్పటిదాకా లోపల తొలిచేస్తోంది మరి. నిరుద్యోగ భృతి ఉండే దేశాల్లో ఉన్నవాళ్లయితే ఆ దరఖాస్తు కూడా ఈ వారమే పెట్టాలి, ఆలస్యం చేస్తే పోయిన వారాలకి డబ్బు చాలాచోట్ల ఇవ్వరు.

ఇక డబ్బు. కేసులో అసలు మలుపు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్తా.

ఆవిడ లెక్క ఆవిడ దగ్గర ముందే ఉంది, నోట్‌బుక్‌లో రాసుకొచ్చారు. సేవింగ్స్ 240. సెవరెన్స్ రెండు నెలల జీతం అన్నారు కాబట్టి 200. మొత్తం 440. ఇంటి ఖర్చు నెలకి ఒక 85 అవుతుందేమో, అందులో భర్త సంపాదన 25 పోతే మిగిలేది 60. 440ని 60తో భాగిస్తే ఏడు నెలల పైన. "ఏడు నెలలుంది కదా మేడమ్, మంచి ఉద్యోగం కోసమే చూస్తా" అన్నారు. నేను కాదనలేదు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, సెటిల్మెంట్ కాగితం పట్టుకుని మళ్లీ రమ్మన్నా.

కాగితంలో రెండు నెలల "బేసిక్" అని ఉంది. చేతికొచ్చే జీతం కాదు, బేసిక్. అలవెన్సులన్నీ తీసేస్తే, పైన ట్యాక్స్ కోసేస్తే, చేతికొచ్చేది 120. వాడుకోని లీవులకి ఇంకో 20. ఈ 140 కూడా పడేది ఆరో వారంలో. క్రెడిట్ కార్డు మీద 40 బాకీ ఉంది, దాని మీద వడ్డీ సేవింగ్స్ మీద వచ్చే వడ్డీ కంటే ఎన్నోరెట్లు ఎక్కువ, కాబట్టి అది ముందు కట్టేయాలి. అంటే మొదటి రోజున చేతిలో నిజంగా ఉన్నది 200. సెటిల్మెంట్ పడ్డాక కలిపితే 340. రాని డబ్బుని వేరే గడిలో, పడే తారీఖుతో రాయమన్నా, ఎందుకంటే ఆ తారీఖులు వెనక్కి జరగడం నేను చాలాసార్లు చూశా.

ఖర్చు వైపు ఇంకా పెద్ద తేడా. గుర్తున్నంతలో రాసుకుంటే 85, ఆరు నెలల స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూడితే 110. మధ్యలో తేడా వచ్చిన 25 ఎక్కడుందంటే, అమ్మానాన్నలకి పంపే 10 ఆవిడ ఖర్చుగా రాయలేదు (అది ఖర్చేంటి, నా బాధ్యత కదా అన్నారు, నిజమే, కానీ అకౌంట్‌లోంచి వెళ్తోంది). మూడు నెలలకోసారి కట్టే స్కూల్ ఫీజు 24, అంటే నెలకి 8. ఏడాదికోసారి కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం 60, అంటే నెలకి 5. నెలనెలా కనపడవు కాబట్టి ఇవి బుర్రలో ఉండవు. మిగిలిన 2 చిల్లరమల్లర. దీనికి తోడు కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ నెలాఖరుకి పోతుంది, సొంతంగా తీసుకుంటే ఇంకో 4. మొత్తం 114. భర్త 25 పోతే ప్రతి నెలా 89 తరుగు. 340ని 89తో భాగిస్తే నాలుగు నెలలు కూడా రాదు. ఏడు ఎక్కడ, నాలుగులోపు ఎక్కడ!

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తర్వాత "ఇది మావారి ముందు కూడా చెప్పండి, నేను చెప్తే భయపడి చెప్తున్నాననుకుంటారు" అన్నారు. మర్నాడు ఇద్దరూ వచ్చారు.

కోతలు ఇద్దరూ కూర్చునే వేసుకున్నారు. బయట తిండి, సబ్‌స్క్రిప్షన్లు అన్నీ కలిపి 12 ఉండేది 3కి దించారు, కిరాణా కరెంటు లాంటివి 28 నుంచి 24కి, పైఖర్చు 5 నుంచి 4కి. మొత్తం 114 కాస్తా 100 అయింది, అంటే నెల తరుగు 75. అమ్మానాన్నల 10 ముట్టుకోలేదు, అది వాళ్ల నిర్ణయం, నేను ఒత్తిడి చేయలేదు. చాలామంది ఇక్కడ పొరపడతారు, చిన్నచిన్నవన్నీ కోసేసుకుంటే గట్టెక్కేస్తాం అనుకుంటారు, పిల్లల ట్యూషన్ నుంచి ఫోన్ ప్లాన్ దాకా అన్నీ తగ్గించి ఇంట్లో అందరికీ ఊపిరాడకుండా చేసుకుంటారు. లెక్క చూడండి, ఇంత కోత వేసినా వచ్చింది ముప్పావు నెల కంటే తక్కువ, 3.8 నుంచి 4.5 నెలలకి. అసలు బరువంతా ఇంటి లోన్ 32 లోనూ, కారు లోన్ 10 లోనూ ఉంది, అవి కదలాలంటే బ్యాంకుతో మాట్లాడాలి లేదా కారు అమ్మాలి.

ఇంకో మెలిక. ఆ 4.5 అనేది సగటు లెక్క, డబ్బేమో సగటుగా పోదు. అందుకే తారీఖులవారీగా ఒక కాగితం వేయించా, ఏ నెలలో ఎంత పోతుంది, నెలాఖరుకి ఎంత మిగులుతుంది. రెండో నెలలో ఫీజు 24 ఒక్కసారిగా, మూడో నెలలో ప్రీమియం 60 ఒక్కసారిగా. అలా వేస్తే నాలుగో నెలాఖరుకి చేతిలో మిగిలేది 8. అంతే, ఎనిమిది. ఐదో నెల ఇంటి వాయిదాకి కూడా సరిపోదు. అప్పుడు ఆవిడ స్కూల్‌కి ఫోన్ చేసి ఫీజు నెలనెలా కడతానని అడిగారు, ఇన్సూరెన్స్ వాళ్లని ప్రీమియం మూడు నెలలకోసారికి మార్చమన్నారు, రెండూ ఒప్పుకున్నారు. నాలుగో నెలాఖరు అంకె 8 నుంచి 53 అయింది. రెండు ఫోన్ కాల్స్‌తో వచ్చిన 45 అది, నెలల తరబడి నోరు కట్టుకున్నా రాదు.

ఆ కాగితం మీదే ఒక ఎర్ర గీత గీశాం, 150 దగ్గర, అంటే రెండు నెలల తరుగు. సెటిల్మెంట్ పడ్డాక చేతిలో డబ్బు అక్కడికి దిగిందంటే ఇక ఆలోచించేదేం లేదు, ఆరోజే బ్యాంకుకి ఫోన్ చేసి వాయిదాల్లో వెసులుబాటు అడగాలి, తాత్కాలిక పని ఏది దొరికితే అది ఒప్పుకోవాలి. బ్యాంకుకి వాయిదా తప్పకముందు ఫోన్ చేస్తే వినేవాళ్లు ఉంటారు, తప్పాక చేస్తే కేసు వసూళ్ల విభాగానికి వెళ్లిపోతుంది, క్రెడిట్ రికార్డు కూడా పాడవుతుంది. కాగితం ప్రకారం ఆ గీత తగిలేది పదకొండో వారంలో. ఆ తారీఖు ముందే తెలియడంతో ఇంట్లో రోజూ జరిగే "ఎలా, ఎలా" అనే మాటలు తగ్గాయి, వారానికోసారి ఆదివారం సాయంత్రం మాత్రమే డబ్బు మాట్లాడుకుందాం అని వాళ్లే పెట్టుకున్నారు.

రెండో వారం అంతా ఇంటర్వ్యూలో చెప్పే మాట మీద పనిచేశాం. "ఎందుకు వదిలేశారు" అని అడిగా, ఫోన్‌లో రికార్డు చేశా. నాలుగు నిమిషాల చిల్లర మాట్లాడారు. నేను రాసుకున్నంత వరకు ఇలా ఉంది: "అంటే యాక్చువల్‌గా మా టీమ్ చాలా బాగా చేస్తోందండి, కానీ మేనేజ్‌మెంట్ మారింది, కొత్తగా వచ్చినాయనకి మా పని అర్థం కాలేదు, నేను అయితే రెండేళ్లుగా టాప్ రేటింగ్, అసలు నన్ను తీస్తారని ఎవరూ అనుకోలేదు, పెర్ఫార్మెన్స్ వల్లయితే కాదు, అది మాత్రం గ్యారంటీగా చెప్పగలను..."

ఆ రికార్డింగ్ ఆవిడకే వినిపించా. "నాకే అనుమానం వస్తోంది మేడమ్, ఏదో దాస్తున్నట్టుంది" అన్నారు. అదే సమస్య. ఒక్క మాట అబద్ధం లేదు, కానీ అవతలివాళ్లు అనని ఆరోపణకి మనమే సంజాయిషీ ఇచ్చుకుంటుంటే వినేవాడికి ఆ ఆరోపణే గుర్తుండిపోతుంది.

మేం తయారుచేసింది మూడు ముక్కలు: ఏం జరిగింది, అక్కడ నేనేం చేశాను, ఇక్కడికి ఎందుకు వచ్చాను. చివరికి ఇలా తేలింది: "కంపెనీ ఒక ప్రొడక్ట్ లైన్ మొత్తం ఆపేసింది, దానితో పాటు మా టీమ్‌లో 14 మందిమి వెళ్లిపోయాం, అందులో నేనూ ఉన్నా. అక్కడ పదకొండేళ్లలో చివరి నాలుగేళ్లు టెస్టింగ్ లీడ్‌గా చేశా, రిలీజ్‌కి ముందు మూడు రోజులు పట్టే చెకింగ్‌ని ఒక రోజుకి తెచ్చాం. మీ దగ్గర రిలీజ్‌లు వారానికోసారి అని చూశా, ఆ పని నాకు బాగా తెలుసు, అందుకే అప్లై చేశా." అంతే. ముప్పై సెకన్లు. తర్వాత ఆగిపోవాలి, కష్టమంతా ఆ ఆగడంలోనే ఉంది. నిశ్శబ్దం వస్తే భరించలేక ఇంకో వాక్యం కలిపేస్తాం, ఆ వాక్యంలోనే పాత కోపం బయటపడుతుంది. ఆవిడ చేత బల్ల మీద అరచేయి పెట్టించి, చెప్పడం అవ్వగానే చేయి బల్లకి ఆనించి నోరు మూసుకోవడం ప్రాక్టీస్ చేయించా, చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

అడ్డు ప్రశ్నలు రెండు గట్టిగా చూసుకున్నాం. "కొందరిని వేరే టీమ్‌లోకి తీసుకున్నారట కదా, మిమ్మల్ని ఎందుకు తీసుకోలేదు?" అనేది నొప్పి పుట్టే ప్రశ్న. ఆవిడ టీమ్‌లో నిజంగానే ఇద్దరిని ఉంచుకున్నారు. దాచడం కుదరదు, చిన్న ఫీల్డు, తెలిసిపోతుంది. "అవును, ఇద్దరిని మొబైల్ టీమ్‌లోకి తీసుకున్నారు, వాళ్లకి ఆ అనుభవం ఉంది, నాది సర్వర్ సైడ్ పని." నిజం, చిన్నది, ఎవరి మీదా నింద లేదు. ఒకవేళ మీ విషయంలో రేటింగ్ కూడా కారణమై ఉంటే, కాదని మాత్రం చెప్పొద్దు, "ఆ ఏడాది నా రేటింగ్ తక్కువ, కారణం ఇది, ఆ తర్వాత ఇది మార్చుకున్నా" అని ఒక్కసారి చెప్పి ముందుకెళ్లాలి. రెండో ప్రశ్న, "జీతం ఎంత అనుకుంటున్నారు". తరుగు లెక్క తెలుసు కాబట్టి ఆవిడకి కింద గీత ఎక్కడో తెలుసు, ఆ అంకె మాత్రం నోటి వెంట రాకూడదు, ఆ ఉద్యోగానికి ఎంత రేంజ్ పెట్టారో ముందు వాళ్లనే అడగాలి.

మాట సరిగ్గా దిగిందో లేదో తెలుసుకోడానికి నాకు తెలిసిన గుర్తు ఒకటే. మీరు ఆగాక వాళ్లు అడిగే తర్వాతి ప్రశ్న పని గురించైతే దిగినట్టే. మళ్లీ లేఆఫ్ గురించే అడిగారంటే ఎక్కడో సాగింది లేదా ఎక్కడో కన్నం ఉంది. ఆవిడ మొదటి రెండు ఇంటర్వ్యూల్లో మళ్లీ అడిగారు. "14 మందిమి వెళ్లిపోయాం" అనే అంకె చెప్పడం మర్చిపోతున్నానని తర్వాత చూసుకుంటే తెలిసింది, అది లేకపోతే ఒక్కరినే తీసేసినట్టు వినపడుతుంది. మూడోదాన్నుంచి ఎవరూ తిప్పి అడగలేదు.

మూడో వారం నుంచి అప్లికేషన్లు, వారానికి ఎనిమిదికి మించకుండా. ప్రతిదానికీ ముందు ఆ కంపెనీలో తెలిసినవాళ్లు ఉన్నారేమో చూసి, ఉంటే ఫోన్ చేశాకే. ఫోన్‌లో "ఉద్యోగం ఉంటే చూడండి" అనేది వద్దన్నా, అవతలివాళ్లకి అది బరువు, తప్పించుకోడానికి చూస్తారు. "మీ దగ్గర టెస్టింగ్ టీమ్ ఎలా నడుస్తోంది, పదిహేను నిమిషాలు మాట్లాడొచ్చా" అంటే చాలామంది మాట్లాడతారు. అలా మాట్లాడిన 23 మందిలో నలుగురి దగ్గర్నుంచి ఇంటర్వ్యూలు వచ్చాయి. మొదట పంపిన 64 నుంచి వచ్చింది ఒక్కటి.

ఎనిమిదో వారంలో ఒక ఆఫర్, జీతం 70, హోదా ఒక మెట్టు కింద. పాత లెక్కతో, ఏడు నెలలుంది అనుకుని ఉంటే ఆవిడ నవ్వి వదిలేసేవారు. లేదా అసలు లెక్కే లేకపోతే భయంతో అదే రోజు ఒప్పేసుకునేవారు. ఇద్దరం కాగితం తీశాం. 70కి 25 కలిపితే 95, ఖర్చు 100, నెలకి 5 తరుగు, అంటే ఇష్టం లేకపోయినా బతికించే ఆఫర్ అది. ఇంకో కంపెనీలో మూడో రౌండ్ అయి ఉంది. మొదటివాళ్లని వారం రోజులు టైమ్ అడిగారు, ఇచ్చారు. రెండోవాళ్లకి "నాకు ఒక ఆఫర్ ఉంది, ఈ తారీఖులోపు జవాబివ్వాలి, నాకు మీ దగ్గర చేయాలనే ఉంది" అని నిజం చెప్పారు. వాళ్లు చివరి రౌండ్ ముందుకు జరిపారు, గడువుకి ఇంకో మూడు రోజులు చాలకపోతే మొదటివాళ్లని మళ్లీ అడిగి తెచ్చుకున్నారు. పదో వారంలో రెండో ఆఫర్ వచ్చింది, 92. ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే మొదటివాళ్లకి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పి వద్దన్నారు.

అందరూ ఇక్కడితో కథ అయిపోయింది అనుకుంటారు, ఇంట్లో కూడా అలాగే అనుకున్నారు, బయటికెళ్లి తిందామన్నారట. నేను మాత్రం కాగితం ఇంకోసారి తీయమన్నా. వెరిఫికేషన్ అయి చేరేది పద్నాలుగో వారం. జీతం నెలాఖరుకి ఇస్తారు కాబట్టి మొదటి జీతం పడేది పద్దెనిమిదో వారం. ఆఫర్‌కీ డబ్బుకీ మధ్య ఎనిమిది వారాలు! మధ్యలో పదకొండో వారంలో ఎర్ర గీత తగిలింది, అనుకున్నట్టే, చేతిలో 151. గీత ప్రకారం బ్యాంకుకి ఫోన్ చేయాలి. చేయాలా వద్దా అని లెక్క వేశాం, పద్దెనిమిదో వారం దాకా పోయేది 108 దాకా, మిగిలేది నలభై చిల్లర. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, తారీఖు తెలుసు, కాబట్టి ఫోన్ వద్దనుకున్నారు. కానీ చేరే తారీఖు రెండు వారాలు వెనక్కి జరిగితే ఆరోజే చేయాలని కాగితం మీద రాసుకున్నారు, ఎవరితో మాట్లాడాలో ఆ నంబరు కూడా పక్కనే రాశారు.

జరగలేదు. జీతం పడిన రోజు సాయంత్రం ఆవిడ నాకు ఆ కాగితం ఫొటో పంపారు, మడతలు పడి, మూలన టీ మరకతో. చివరి గడిలో 43 అని రాసుంది, దాని కింద పెన్సిల్‌తో ఆ నెల పంపాల్సిన అమ్మానాన్నల 10, పక్కన టిక్కు.